కంద తవ్వినా, చెరువు ఎండగట్టినా ‘హింస’ అనవచ్చా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. మా ఇంట్లో పెళ్లికి వచ్చిన జైన మిత్రుడు కంద బచ్చలి కూర వద్దన్నాడు. రొయ్యల చెరువు ఎండగట్టడం కూడా హింసే అన్నాడు. ఇలాంటి చోట ‘హింస’ అనే మాట వాడటం సరైనదేనా?

జవాబు: సరైనదే. మన వాడుకలో హింస అంటే ముఖ్యంగా బాధపెట్టడం. ‘పిల్లాణ్ణి హింసపెట్టకు’ అంటాం కదా. జైనులు మాత్రం దానికి కచ్చితమైన హద్దు గీశారు. ‘ప్రమత్తయోగాత్ ప్రాణవ్యపరోపణం హింసా’ అన్నాడు ‘తత్త్వార్థసూత్రం’ రాసిన జైనాచార్యుడు ఉమాస్వాతి. మనసుతో గాని, మాటతో గాని, శరీరంతో గాని అజాగ్రత్తగా మెలిగి ప్రాణం తీస్తే అది హింస.

కంద సంగతి తేలికే. చెట్టు నుంచి బెండకాయ కోస్తే చెట్టు బతికే ఉంటుంది. దుంప తవ్వితే మొక్కే పోతుంది. పైగా దుంప అనే ఒకే శరీరాన్ని అనంతమైన జీవులు పంచుకుంటాయని వాళ్ల నమ్మకం. అందుకే కంద, చేమ, పెండలం, ఉల్లి తినరు. మీ కూర శాకాహారమే గాని జైన భోజనం కాదు.

చెరువు మాట ఇంకా లోతైనది. గృహస్థు చేయకూడని పదిహేను వృత్తులను జైన గ్రంథాలు కర్మాదానాలు అంటాయి. వాటిలో ‘సరఃశోషణం’ ఒకటి, అంటే చెరువులు, మడుగులు ఎండగట్టడం. మీ ప్రాంతంలో జరిగేదే చూడండి. పంట పట్టాక తూము ఎత్తి నీరు వదిలేస్తారు. బురదలో నత్తలు, పురుగులు, పిల్ల చేపలు మిగిలిపోతాయి. నేల బీటలు వారేదాకా ఎండబెడతారు. కొత్త నీటితో వచ్చిన చేపలు చావాలని బ్లీచింగ్ చల్లుతారు. స్పర్శ, రుచి అనే రెండింద్రియాలున్న నత్తలాంటి జీవి మొదలు, అంతకన్నా ఎక్కువ ఇంద్రియాలున్న వేటినీ కావాలని చంపకూడదన్నది గృహస్థు వ్రతం.

మరి వరి రైతు దున్నితే పురుగులు చావవా? చస్తాయి. 13వ శతాబ్దపు జైన పండితుడు ఆశాధరుడు దీనికి జవాబిచ్చాడు: దున్నుతూ ప్రాణులను చంపిన రైతు కన్నా, ఒక్క చేపా పడకపోయినా వల వేసిన జాలరికే పాపం ఎక్కువ. రైతు సంకల్పం పంట, జాలరి సంకల్పం చేప. ఈ తూకం జాలరి కులవృత్తి మీద తీర్పులా వినిపించి నాకు కష్టంగానే ఉంటుంది. కానీ వాళ్ల వాడుకలో హింస ఎక్కడ మొదలవుతుందో ఇంత స్పష్టంగా చెప్పిన మాట మరొకటి నాకు కనిపించలేదు.

కూలీల చేత చేయిస్తే తప్పించుకున్నట్టు కాదు. వ్రతంలో ‘చేయను, చేయించను’ అని రెండూ ఉన్నాయి, అదీ మనోవాక్కాయాలతో. కాబట్టి గట్టు మీద నిలబడి ‘తూము ఎత్తండ్రా’ అన్న మాట కూడా హింసే. నిజం చెప్పడానికీ ఇదే హద్దు. వల పట్టుకొచ్చినవాడు కొల్లేటి కొంగలు ఎక్కడ వాలాయని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పడం జైన దృష్టిలో సత్యవ్రతం కాదు. ప్రాణానికి ముప్పు తెచ్చే నిజాన్ని గృహస్థు పలకకూడదు, ఇతరుల చేత పలికించకూడదు.