ముహూర్తం డౌట్ ఎలా అడగాలి

ప్రశ్న: శుభలేఖల షాపులో డీటీపీ చేస్తాను. మ్యాటర్ అంతా వాట్సాప్‌లోనే వస్తుంది. డౌట్ వచ్చి అడిగితే "సరిగ్గానే పంపాం కదా, చదువుకోండి" అని విసుక్కుంటున్నారు. వాళ్లు నొచ్చుకోకుండా ఎలా అడగాలి?

జవాబు:

నేనూ చాలాకాలంగా ఇదే పని చేస్తున్నాను. ఎక్కువ పేచీలు వచ్చేది ముహూర్తం దగ్గరే కాబట్టి దాని గురించే చెబుతాను.

మొన్నామధ్య ఒక పెళ్లికూతురి తండ్రి "20వ తేదీ గురువారం రాత్రి 1.20కి" అని పంపారు. క్యాలెండర్ చూస్తే 20 శుక్రవారం. "తేదీకీ వారానికీ పొంతన లేదండీ, ఏది కరెక్టు?" అని అడగబుద్ధేస్తుంది. కానీ ఆయన రాసినదాంట్లో తప్పు లేకపోవచ్చు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది, కాబట్టి తెల్లవారేదాకా గురువారమే. మన క్యాలెండర్‌లో తేదీ మాత్రం అర్ధరాత్రే మారిపోతుంది. అంటే పంతులుగారు చెప్పిన వారమూ, ఫోన్‌లో చూసిన తేదీ రెండూ సరైనవే. అడిగేముందు ఇలా ఒక్క నిమిషం, అవతలివాళ్లు రాసింది ఏ లెక్కన సరిపోతుందో వెతకండి. అది దొరికితే మెసేజ్‌లో గొంతు దానంతటదే మారుతుంది.

అయినా అడగక తప్పదు. నిజంగానే 20 శుక్రవారం రాత్రి అయ్యుండి, వారం ఒక్కటే పొరపాటున పడి ఉండొచ్చు. ఆయనకు నేను పెట్టిన మెసేజ్ ఇది:

"నమస్తే అండీ, మ్యాటర్ అందింది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక కదా, కార్డు చూసి వచ్చే చుట్టాలు రోజు పొరబడకుండా ఇలా వేద్దామనుకుంటున్నాను: 19వ తేదీ గురువారం రాత్రి 1.20 గంటలకు (తెల్లవారితే శుక్రవారం). అంటే 19 రాత్రి భోజనాలయ్యాక జరిగే పెళ్లి. 19 రాత్రేనా, 20 రాత్రా అన్నది చెబితే ప్రూఫ్ పంపిస్తాను."

ఇందులో "మీరు రాసింది" అన్న మాట ఎక్కడా లేదు. పొరబడేది చుట్టాలు, రాసినాయన కాదు. ఇది మర్యాద కోసం కల్పించిన సాకు కూడా కాదు. "20వ తేదీ రాత్రి" అని చదివిన మనిషి నిజంగానే ఒక రోజు ఆలస్యంగా వస్తాడు. పైగా నాకు అర్థమైనదాన్ని కార్డులో పడే రూపంలోనే ముందు పెట్టాను. అర్థం కాలేదని చెప్పి ఊరుకుంటే ఆయన మొత్తం మళ్లీ రాయాలి, విసుగు అక్కడే పుడుతుంది.

"ఇది కరెక్టేనా?" అని మాత్రం అడగకండి. పెళ్లి పనుల హడావిడిలో చదవకుండానే "ఓకే" అంటారు, లేదా బొటనవేలు బొమ్మ పెడతారు. దాన్ని జవాబుగా తీసుకోలేం. రెండు రాత్రుల్లో ఒకటి ఎంచుకోక తప్పనట్టు అడిగితే వాళ్లు ఆగి చూస్తారు.

మెసేజ్‌లో "అసలు ఏ రోజండీ?", "ఇంతకీ గురువారమా, శుక్రవారమా?" అని రాయకండి. ఎదురుగా నవ్వుతూ అంటే ఫర్వాలేదు గానీ, తెరమీద చదివితే నిలదీసినట్టే ఉంటుంది. "ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టడం కూడా నాకు నచ్చదు. అది చదవగానే, అనుకోవాల్సింది ఏదో వస్తోందని మనిషి ముందే బిగుసుకుంటాడు.

ఇంకో సంగతి. చాలా ఇళ్లలో కార్డు కోసం ఒక గ్రూప్ పెట్టి మనల్ని కూడా చేరుస్తారు. అందులో వియ్యాలవారూ ఉంటారు. అక్కడ అడిగితే ఎంత మెత్తగా అడిగినా మ్యాటర్ పంపినాయనకు చిన్నతనమే. ఆయనకు విడిగా పెట్టండి. తేలాక, సరిచేసిన ప్రూఫ్‌ను మాత్రమే గ్రూప్‌లో వేయండి.

మెసేజ్‌కు సూటిగా జవాబు రాకపోతే ఫోన్ చేసి, తేదీ ఊసెత్తకుండా "ఫంక్షన్ హాలు ఏ రాత్రికి తీసుకున్నారండీ?" అని అడగండి. ఇది ఎవరినీ తప్పుపట్టే ప్రశ్న కాదు, హాలుకు డబ్బు కట్టారు కాబట్టి జవాబు తడుముకోకుండా వస్తుంది. ఆ పెద్దాయన కూడా "19 సాయంత్రం నుంచి" అన్నారు. అయితే ఫోన్‌లో తేలినా, "19 గురువారం రాత్రి అన్నారు కాబట్టి అలాగే వేస్తున్నాను" అని మెసేజ్ పెట్టి, వాళ్ల నుంచి జవాబు వచ్చాకే ప్రింటింగ్‌కు ఇవ్వండి.

పేర్లు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఇంత కష్టపడక్కర్లేదు. "తాతగారి పేరు మీ ఇంట్లో ఎలా రాస్తారండీ?" అంటే సరిపోతుంది.