‘ఇన్‌క్లూడింగ్ వితౌట్ లిమిటేషన్’: కామా ఒకటి పెడితే రెండోదీ పెట్టాలి

ప్రశ్న: మేం ఇంగ్లీషులో ఒక సప్లయ్ అగ్రిమెంట్ రాస్తున్నాం. వెనకాల వచ్చే జాబితా ఉదాహరణలకే, అంతటితో ఆగదు అని చెప్పే ‘ఇన్‌క్లూడింగ్ వితౌట్ లిమిటేషన్’ అనేది ఒక క్లాజులో కామాలతో ఉంది, ఇంకో దాంట్లో కామాల్లేవు, మరోచోట ‘బట్ నాట్ లిమిటెడ్ టు’ అని ఉంది. అన్నీ ఒకేలా పెట్టాలా? కామా వల్ల నిజంగా గొడవలొస్తాయా?

జవాబు: వస్తాయండీ, కానీ మీరు చూస్తున్న కామా వల్ల తక్కువ, జాబితా చివర ఉండాల్సిన కామా వల్ల ఎక్కువ.

ముందు మీరడిగింది చూద్దాం. ‘వితౌట్ లిమిటేషన్’కి అటూ ఇటూ రెండు కామాలు పెట్టినా సరే, రెండూ తీసేసినా సరే. ముందు ఒకటి పెట్టి వెనకది మర్చిపోతేనే తప్పు, డ్రాఫ్టుల్లో ఎక్కువగా కనపడేదీ అదే. నేనైతే రెండూ తీసేస్తాను. ఎలాగూ వెనకాల ఉదాహరణల మధ్య కామాలుంటాయి, వాటికి తోడు ఇవి కూడా చేరితే జాబితా ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీ అగ్రిమెంటులో నష్టపరిహారం క్లాజు ఇలా ఉందనుకోండి: ‘ఆల్ లాసెస్, ఇన్‌క్లూడింగ్ వితౌట్ లిమిటేషన్ రిపేర్ కాస్ట్స్ అండ్ లీగల్ ఫీజ్, కాజ్డ్ బై ది సప్లయర్స్ నెగ్లిజెన్స్’. ఇందులో ‘లాసెస్’ తర్వాత ఒక కామా, ‘ఫీజ్’ తర్వాత ఒక కామా ఉన్నాయి, ఈ రెండూ జంట. మధ్యలో ఉన్నదాన్ని ఎత్తేసి చదివితే ‘సప్లయర్ నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టాలన్నీ’ అని శుభ్రంగా వస్తుంది. రెండో కామా తీసేసి చూడండి. ‘నిర్లక్ష్యం వల్ల’ అన్న షరతు పక్కనే ఉన్న లీగల్ ఫీజుకి అతుక్కుపోతుంది, అప్పుడు కొన్నవాళ్ళ లాయరు ‘షరతు ఫీజుకి మాత్రమే, మిగతా నష్టాలు సప్లయర్ తప్పు ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే’ అని వాదిస్తాడు. ఆ వాదన గెలుస్తుందని కాదు, కానీ చివర వచ్చే షరతు దగ్గర్లో ఉన్న మాటకే వర్తిస్తుందనే సూత్రం కోర్టులకి బాగా పాతది, కాబట్టి వాదించడానికి చోటు దొరికినట్టే.

ఇదేదో ఊహించి చెబుతున్నది కాదు. కెనడాలో రోజర్స్, అలయంట్ అనే రెండు కంపెనీల మధ్య కరెంటు స్తంభాల వాడకం మీద ఒప్పందం ఉండేది: మొదట ఐదేళ్ళు, ఆ తర్వాత ఐదేసి ఏళ్ళు, కామా, ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేస్తే తప్ప. ఆ కామా ఉంది కాబట్టి రద్దు హక్కు మొదటి ఐదేళ్ళకీ వర్తిస్తుందని టెలికాం నియంత్రణ సంస్థ 2006లో అలయంట్ పక్షాన చెప్పింది. 2007లో ఆ ఒప్పందానికి మూలమైన నమూనా ఒప్పందం ఫ్రెంచ్ ప్రతి చూసి మాట మార్చుకుంది. మీ అగ్రిమెంటుకి ఇంకో భాషలో ప్రతి ఉండదు కదా!

అందుకే నా సలహా కామాని నమ్ముకోవద్దనే. షరతుని ముందుకు జరపండి: ‘ఆల్ లాసెస్ కాజ్డ్ బై ది సప్లయర్స్ నెగ్లిజెన్స్, ఇన్‌క్లూడింగ్ వితౌట్ లిమిటేషన్ రిపేర్ కాస్ట్స్ అండ్ లీగల్ ఫీజ్’. జాబితాతోనే వాక్యం అయిపోయింది, ఇక మూసే కామా అవసరమే లేదు. ఉదాహరణల్ని ఏ, బీ, సీ అని విడి లైన్లలో రాసి, చివర షరతు పెట్టాల్సి వస్తే, దాన్ని సీ లైనులోనే కొనసాగించకుండా ఎడమ అంచు నుంచి కొత్త లైనుగా రాయండి, అది మూడింటికీ చెందుతుందని తెలుస్తుంది.

ఒకేలా పెట్టాలా అన్నారు కదా, పెట్టాలి. కామాలు అందంగా ఉండాలని మాత్రమే కాదు. పది చోట్ల ‘వితౌట్ లిమిటేషన్’ ఉండి పదకొండో చోట వట్టి ‘ఇన్‌క్లూడింగ్’ ఉంటే, అక్కడ కావాలనే వదిలేశారు, ఆ జాబితా అంతవరకే అనొచ్చు ఎదుటివాళ్ళు. నిర్వచనాల క్లాజులో ‘ఇన్‌క్లూడింగ్ అంటే ఇన్‌క్లూడింగ్ వితౌట్ లిమిటేషన్’ అని ఒక్క లైను రాసేసి, మిగతా అన్నిచోట్లా వట్టి ‘ఇన్‌క్లూడింగ్’ వాడితే కామాల టెన్షన్ సగం పోతుంది.

పాత డ్రాఫ్టుని సరిచేయడానికి వర్డ్‌లో ఈ రెండూ వెతకండి:

```
includ
without limitation
```

ఒక్కొక్కటీ కళ్ళతో చూసి మార్చండి, రీప్లేస్ ఆల్ మాత్రం నొక్కొద్దు. బాధ్యత క్లాజులో ‘సప్లయర్ షల్ బి లయబుల్ వితౌట్ లిమిటేషన్’ అని ఉంటుంది కొన్నిసార్లు. అక్కడ ఆ రెండు మాటలకీ ఉదాహరణలతో సంబంధం లేదు, పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదని అర్థం. అవి ఎగిరిపోయినా వాక్యం మామూలుగానే చదువుకోవడానికి వీలుగా ఉంటుంది, అందుకే సంతకాలయ్యే దాకా ఎవరి కంటా పడదు.