మార్చింగ్ క్యూబ్స్ గుహల్లో చంక్ అంచున కనిపించే గీత

ప్రశ్న: యూనిటీలో మార్చింగ్ క్యూబ్స్‌తో గుహలున్న టెర్రైన్ చేస్తున్నా, చంక్ సైజు 16. మెష్‌లో ఎక్కడా చీలిక లేదు గానీ గుహలో టార్చ్ వేస్తే చంక్ అంచు వెంబడి గీత గీసినట్టు కనిపిస్తోంది. `RecalculateNormals()` వాడుతున్నా. పక్క చంక్ నార్మల్స్‌తో కలిపి సగటు తీయాలా?

జవాబు: సగటు జోలికి వెళ్లకండి. దానికి పక్క చంక్ మెష్ తయారయ్యేదాకా ఆగాలి, ఆటగాడు తవ్విన ప్రతిసారీ ఆ లెక్కంతా మళ్లీ చేయాలి. నార్మల్‌ని త్రిభుజాల నుంచి కాక నేరుగా డెన్సిటీ నుంచి తీయండి.

`RecalculateNormals()` తన మెష్‌లో ఉన్న త్రిభుజాల్నే చూస్తుంది. అంచు మీది వెర్టెక్స్ చుట్టూ ఉండే త్రిభుజాల్లో కొన్ని పక్క చంక్‌లో ఉంటాయి కాబట్టి, ఒకే చోట ఉన్న రెండు వెర్టెక్స్‌లకి రెండు వేర్వేరు నార్మల్స్ వస్తాయి. మధురవాడలో మా చిన్న టీమ్ బొర్రా గుహల్లాంటి సున్నపురాయి గుహలతో ఒక లెవెల్ చేసింది. బయట కొండ మీద ఎండలో ఈ గీత దాదాపు కనపడలేదు. లోపల గోడకి ఏటవాలుగా పడే టార్చ్ వెలుగు మాత్రం కొద్ది డిగ్రీల తేడాని కూడా పట్టించేస్తుంది. అందుకే దీన్ని ఎప్పుడూ గుహలోనే పరీక్షించండి.

డెన్సిటీకి మారాక కూడా చాలామందికి గీత పోదు. ఎందుకో ఒక్క బిందువు దగ్గర చూద్దాం. రాయి లోపల డెన్సిటీ ధనాత్మకం అనుకోండి. ఎడమ చంక్ దగ్గర 0 నుంచి 16 దాకా బిందువులున్నాయి. అంచు మీద x=16 దగ్గర విలువ 0.3, దానికి ఎడమన 15 దగ్గర 0.7, కుడిన 17 దగ్గర 0.2. ఎడమ చంక్‌కి 17 తెలియదు, అందుకని 0.3 − 0.7 చేసి x వాలు −0.4 అంటుంది. కుడి చంక్‌కి 15 తెలియదు, అది 0.2 − 0.3 చేసి −0.1 అంటుంది. నిలువు వాలు ఇద్దరికీ −0.35 అనుకుని, z వదిలేస్తే, ఎడమ నార్మల్ నిట్టనిలువు నుంచి సుమారు 49 డిగ్రీలు ఒరుగుతుంది, కుడిది 16 డిగ్రీలే. ఆ 33 డిగ్రీల తేడానే మీ గీత. ఇద్దరికీ అటూ ఇటూ ఒక్కో బిందువు ఎక్కువిస్తే ఇద్దరూ (0.2 − 0.7)/2 = −0.25 అనే అంటారు, గొడవే ఉండదు.

అంటే ప్రతి అక్షం మీదా −1 నుంచి 17 దాకా, 19 బిందువులు లెక్కగట్టాలి. 4,913 బిందువులు కాస్తా 6,859 అవుతాయి, దాదాపు 40 శాతం అదనం. చంక్ సైజు 32 చేస్తే అదనం 19 శాతానికి దిగుతుంది, నేనైతే అదే చేస్తాను. మెష్ మాత్రం 0–16 మధ్యనే కట్టండి, అదనపు వరస వాలు కోసమే.

```
float t = d0 / (d0 - d1);
float3 pos = lerp(p0, p1, t);
float3 n = -normalize(lerp(grad0, grad1, t));
```

ఇక్కడ `d0`, `d1` క్యూబ్ అంచు రెండు కొసల దగ్గరి డెన్సిటీలు, `grad0`, `grad1` అక్కడి వాలులు. `p0` ఎప్పుడూ చిన్న కోఆర్డినేట్ ఉన్న కొసే కావాలి. నాయిస్‌కి ఇచ్చే స్థానాన్ని కూడా ప్రపంచపు పూర్ణాంక కోఆర్డినేట్ నుంచే లెక్కగట్టండి. అప్పుడు రెండు చంక్‌లూ ఒకే అంకెలతో ఒకే లెక్క చేస్తాయి. ఈ రెండూ పాటించకపోతే నార్మల్ సంగతి అలా ఉంచి, సన్నని చీలికలోంచి వెనకున్న ఆకాశం మినుకుమంటుంది.

తవ్వడం ఉంటే ఇంకో మెలిక. కుడి చంక్‌లో లోకల్ 1 దగ్గర విలువ మారితే ఎడమ చంక్ త్రిభుజాలు కదలవు, కానీ దాని నార్మల్స్ మారతాయి. కాబట్టి 0, 16 మాత్రమే కాదు, 1, 15 తాకినా ఆ వైపు పొరుగు చంక్‌ని మళ్లీ కట్టాలి. మూల దగ్గర తవ్వితే ఇలా ఏడు పొరుగు చంక్‌ల దాకా ఉంటాయి. తవ్విన తర్వాతే గీత వచ్చిందంటే ముందు ఇదే అనుమానించండి.

గుహ నోటి దగ్గర కనిపించే గీతలన్నీ చంక్ గీతలు కావు. కొండనీ గుహనీ `min` తో కలిపితే, రెండు ఫీల్డులు కలిసే చోట వాలు ఒక్కసారిగా తిరిగి మడత పడుతుంది. నార్మల్‌ని రంగుగా చూపించే షేడర్ వేసి చూడండి. చంక్ గీత తిన్నగా గ్రిడ్ మీదే ఉంటుంది, `min` మడత గుహ నోరు వెంట వంకరగా పోతుంది. రెండోదానికి స్మూత్ మిన్ వాడితే సరి, కాకపోతే నునుపు మరీ పెంచితే గుహ నోరు కరిగిన మైనంలా తయారవుతుంది.

ఇదంతా పక్కపక్క చంక్‌లు ఒకే రెజల్యూషన్‌లో ఉన్నప్పుడే పనిచేస్తుంది. దూరపు చంక్‌లని ముతకగా చేస్తే అంచున త్రిభుజాలే కలవవు. దానికి ఎరిక్ లెంగెల్ ట్రాన్స్‌వాక్సెల్ పద్ధతి ఉంది, అంచుకి ప్రత్యేక సెల్స్ వేసి కలుపుతుంది. మీకు గుహల్లో చూపు ఎలాగూ దూరం పోదు కాబట్టి ఇప్పుడే దాని అవసరం రాకపోవచ్చు.