‘చూద్దాం అన్నయ్యా’ అనడం ఈరోజుతో ఆపేయండి

ప్రశ్న: తణుకులో బేకరీ నడుపుతున్నాను. ఆరేళ్ల క్రితం మాకు ఓవెన్, మిక్సర్ అమ్మిన రాజమండ్రి డీలర్ ఇప్పుడు రోటరీ ర్యాక్ ఓవెన్ పెట్టమంటున్నారు. జీఎస్టీతో కలిపి 5,90,000. అందులో 1,90,000 మేం కట్టాలి, దానికి మా ఆవిడ బంగారం పెడదామనుకున్నాం. మిగతా 4 లక్షలు 12 శాతం ఫ్లాట్ వడ్డీకి, మూడేళ్లకు ఆయనే ఫైనాన్స్ ఇప్పిస్తారట. దుకాణం అద్దె 16 వేలు, ముగ్గురు పనివాళ్లకు 45 వేలు, కరెంటు 14 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. చేతిలో ఉన్నది 70 వేలు. వద్దనే అనిపిస్తోంది, కానీ రాత్రి పదింటికి ఫోన్ చేసినా వచ్చి ఓవెన్ బాగు చేసే మనిషి ఆయన. రెండు నెలలుగా ‘చూద్దాం అన్నయ్యా’ అంటూ వస్తున్నాను. ఆధార్, పాన్ కాపీలు, సంతకం చేసిన రెండు చెక్కులు కూడా ఇచ్చాను. సంబంధం చెడకుండా ఎలా కాదనాలి?

జవాబు:

ముందు ఆ చెక్కుల సంగతి చూడండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు అంకె వేసుకోవచ్చు. ‘ఊరికే ప్రాసెసింగ్‌కి’ అని అడుగుతారు, మనం మొహమాటానికి ఇచ్చేస్తాం, నా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారుల్లో సగం మంది అప్పుల చిక్కులు ఇలాంటి మొహమాటంతోనే మొదలవుతున్నాయి. లోన్ ఇంకా మంజూరు కాకముందే చెక్కులు ఇవ్వాల్సిన అవసరమే లేదు. ఈరోజే చెక్‌బుక్ తీసి ఆ రెండు నంబర్లు రాసి పెట్టుకోండి. వారంలో చెక్కులు తిరిగి రాకపోతే బ్యాంకుకు వెళ్లి స్టాప్ పేమెంట్ పెట్టించండి, కొద్దిగా చార్జీ పడుతుంది, పడనివ్వండి.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నది ఓవెన్ గురించి కాదు. మీకు వద్దని రెండు నెలల క్రితమే తెలుసు, అయినా ‘చూద్దాం’ అన్నారు. మనం అది మర్యాద అనుకుంటాం. అవతల డీలర్‌కు మాత్రం ‘చూద్దాం’ అంటే ‘కొంటారు, కాస్త టైమ్ కావాలి’ అని అర్థం. ఆధార్, పాన్, చెక్కులు కూడా చేతికొచ్చాక ఆయన అలా అనుకోవడంలో తప్పేముంది? నాకు తెలిసిన ఒక ప్రింటింగ్ ప్రెస్ ఆయన నాలుగు నెలలు ఇలాగే నెట్టుకొచ్చారు. ఒకరోజు పొద్దున్నే కటింగ్ మిషన్ లారీ ఎక్కి షాపు ముందుకు వచ్చేసింది. డీలర్ అప్పటికే కంపెనీకి అడ్వాన్స్ కట్టేశాడు. వెనక్కి పంపితే రానూపోనూ లారీ కిరాయి ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మొదలైన మాట పెరిగి, పదేళ్ల పరిచయం అక్కడితో పోయింది. మొదటి వారంలోనే కాదని ఉంటే ఒక్కరోజు చిన్నబుచ్చుకుని ఊరుకునేవాడు. సంబంధం చెడేది మీరు కాదన్నందుకు కాదండీ, ఆలస్యంగా కాదన్నందుకు.

ఇక కారణం చెప్పే పద్ధతి. ఎక్కువ మంది ఇక్కడ తప్పటడుగు వేస్తారు. ‘రేటు ఎక్కువగా ఉంది అన్నయ్యా’ అన్నారనుకోండి, ఆయన ఇరవై వేలు తగ్గిస్తారు. ‘వాయిదా భారం’ అంటే మూడేళ్లను నాలుగేళ్లు చేయిస్తారు. ‘దసరా అయ్యాక చూద్దాం’ అంటే విజయదశమి మర్నాడు ఫోన్ వస్తుంది. ‘మా ఆవిడ ఒప్పుకోవట్లేదు’ అంటే ఇంటికొచ్చి ఆమెతోనే మాట్లాడతానంటారు, పైగా రేపు ఆమె ముందు మీరే ఇరుకున పడతారు. అమ్మేవాళ్లు ఇవన్నీ రోజూ వినే మాటలే, ప్రతిదానికీ వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుకని కారణం ఒక్కటే చెప్పండి, అది ఆయన సర్దలేనిదై ఉండాలి, నిజమై ఉండాలి. మీకు అలాంటి కారణం ఉంది, మీరే లెక్క రాసి పంపారు.

నెలకు కదలని ఖర్చు 1,05,000. చేతిలో ఉన్న 70 వేలు సరిగ్గా ఇరవై రోజులకు వస్తాయి. ఇరవై రోజులు! ఈ ఒక్క అంకె చూశాకే నేను మీకు జవాబు రాయాలనుకున్నాను. కార్తీకమాసం వస్తే గుడ్డు ముట్టని ఇళ్లు ఎన్ని, అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు ఎంతమంది, మీ కేకుల అమ్మకం నవంబరులో ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. అద్దె, జీతాలు మాత్రం కార్తీకమని తగ్గవు. ఆ నెలలోనే ఒక పనివాడు మానేసినా, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నా ఆ 70 వేలు మాయం. దాని మీద కొత్త వాయిదా పెట్టుకుంటారా?

ఆ వాయిదా కూడా చూడండి. 4 లక్షలకు 12 శాతం ఫ్లాట్ అంటే మూడేళ్లకు వడ్డీ 1,44,000. మొత్తం 5,44,000ను 36 నెలలకు పంచితే నెలకు 15,111. అసలు నెలనెలా తీరిపోతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 4 లక్షల మీదే వేస్తున్నారు కాబట్టి, బ్యాంకులు చెప్పే తగ్గుతూ పోయే వడ్డీ లెక్కలో ఇది 21 శాతం పైమాటే. ‘12 శాతమే కదా’ అని చెప్పి ఇప్పించే అప్పు ఇది, నాకు నిజంగా కోపం వస్తుంది. బంగారం మీద తెచ్చే 1,90,000కు నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు ఇంకో 1,900. అంటే పదిహేడు వేలు కొత్త భారం, ఏడాది తిరిగేసరికి బంగారం అసలు కూడా కట్టాలి. ఓవెన్ ఆగిపోతే రిపేరు చేయించుకోవచ్చు, వేలానికి పోయిన నగ మాత్రం తిరిగి రాదు. మీరు జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే ఓవెన్ ధరలో కలిసి ఉన్న 90 వేల జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు, ఒకసారి మీ ఆడిటర్‌ని అడగండి.

కాబట్టి డీలర్‌కు చెప్పాల్సిన కారణం ఇదే: ఖర్చుల సొమ్ము పక్కన పడేదాకా కొత్త అప్పు పెట్టుకోకూడదని ఇంట్లో నిర్ణయించుకున్నాం. దీన్ని ఆయన ఏ డిస్కౌంట్‌తోనూ మార్చలేరు. ఆయన సరుకులో గానీ, రేటులో గానీ, మనిషిలో గానీ లోపం ఎత్తిచూపడం లేదు కాబట్టి ఆయనకు నొప్పీ తగలదు.

ముందు ఫోన్ చేయండి. ఆరేళ్ల పరిచయం ఉన్న మనిషికి వాట్సాప్‌లో కాదని పడేయడం బాగుండదు. మధ్యాహ్నం కాస్త తీరిగ్గా ఉండే వేళ చూసుకుని చేయండి, బాగున్నారా అన్నాక రెండో మాటలోనే విషయం చెప్పేయండి. ఆయన ‘ఎందుకు, ఎంత తగ్గించమంటావు’ అంటారు. అప్పుడు కొత్త కారణాలు వెతక్కండి, అదే మాట ఇంకోసారి నెమ్మదిగా చెప్పండి. ఫోన్ పెట్టేశాక అదే రోజు రాసి కూడా పంపండి, ఎందుకంటే మాట్లాడుకున్నది నెల తర్వాత ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది. నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్తే అన్నయ్యా. ఫోన్‌లో చెప్పినట్టు, రోటరీ ఓవెన్ మేము తీసుకోవడం లేదు. దుకాణానికి కనీసం మూడు నెలల ఖర్చులు పక్కన పడేదాకా కొత్త అప్పు చేయకూడదని ఇంట్లో నిర్ణయించుకున్నాం. రెండు నెలలు తేల్చకుండా మిమ్మల్ని ఆపాను, అది నా పొరపాటు, ఏమీ అనుకోకండి. మా కోసం మిషన్ ఏదైనా ఆపి ఉంచితే దయచేసి వేరేవాళ్లకు ఇచ్చేయండి. ఫైనాన్స్‌కు ఇచ్చిన రెండు చెక్కులు, కాగితాలు శనివారంలోపు తిరిగి ఇప్పించండి, నేనే వచ్చి తీసుకుంటాను. పాత ఓవెన్ సర్వీసు, సామాన్లు ఎప్పటిలాగే మీ దగ్గరే. ముందుముందు పెద్ద ఓవెన్ పెట్టాలనుకుంటే మీ కొటేషన్ కూడా తప్పకుండా అడుగుతాను.’

చివరి వాక్యం జాగ్రత్తగా చూడండి. ‘మీ దగ్గరే కొంటాను’ అనలేదు, ‘వచ్చే ఉగాదికి’ అనీ అనలేదు. ఇవ్వలేని మాట ఇస్తే మళ్లీ ‘చూద్దాం’ దగ్గరికే వెళ్తారు. కొటేషన్ అడుగుతాను అన్నది మాత్రం నిలబెట్టుకోగలిగిన మాట. ఇంకొకరి రేటు చెప్పి పోల్చడం, వాళ్ల కొటేషన్ ఫొటో ఈయనకు పంపడం అస్సలు చేయకండి. మీకు వచ్చేదేమీ లేదు, ఆయనకు మాత్రం గుర్తుండిపోతుంది.

డీలర్‌తో సంబంధం నిలబెట్టేది మెసేజ్ ఒక్కటే కాదు, డబ్బు కూడా. పాత ఓవెన్‌కు చేసిన రిపేరు బిల్లు ఏదైనా బాకీ ఉంటే ఫోన్ చేసేముందే కట్టేయండి. తర్వాతి నెలలో థర్మోస్టాట్ చూపించడానికో, డోర్ గాస్కెట్ మార్చడానికో ఆయన్ని పిలిచి అడిగినంతా అక్కడికక్కడే ఇచ్చేయండి. కాదన్న తర్వాత మొదటిసారి ఎదురుపడేది మీరే పిలిచిన పని మీద అయితే ఇద్దరికీ మొహమాటం పోతుంది. రాత్రి పదింటికి వచ్చే మనిషిని అలాగే నిలుపుకుంటారు.

ఫైనాన్స్ కంపెనీ సంగతి వేరు. డీలర్‌కు చెప్పాం కదా అని ఊరుకోకండి, అప్లికేషన్ రద్దు చేయమని ఆ కంపెనీకి విడిగా మెయిల్ పంపి, జవాబు దాచుకోండి. ఆ మర్నాటి నుంచి ఏజెంట్ ఫోన్లు వస్తాయి, ఆయనకు ఇంత మర్యాద అక్కర్లేదు, ‘రద్దు చేశాను అండీ, మెయిల్ చూడండి’ చాలు. ఓటీపీ అడిగితే చెప్పకండి. బ్యాంకు యాప్‌లో ఆటో డెబిట్ మ్యాండేట్ ఏదైనా కూర్చుందేమో చూడండి. నెలన్నర ఆగి క్రెడిట్ రిపోర్టు తీయండి (ప్రతి బ్యూరో ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి), మీ పేరిట కొత్త లోన్ ఖాతా కనిపించకూడదు.

డిసెంబర్ 24, 31 రద్దీ కోసమే అయితే ఇంత ఓవెన్ అక్కర్లేదు, ఆ కొద్ది రోజులకు దగ్గర్లో ఇంకొక బేకరీ ఓవెన్‌ను రాత్రిపూట అద్దెకు మాట్లాడుకోండి. ఏడాదంతా బన్నులు, బ్రెడ్డుకు ఆర్డర్లు వెనక్కి పోతుంటే అప్పుడు మీ బ్యాంకులోనే తగ్గుతూ పోయే వడ్డీకి లోన్ అడగవచ్చు. ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ లేకపోతే అది వీటన్నిటికంటే ముందు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. వాయిదా కట్టగలం అనుకున్న ఆ 15 వేలను వచ్చే నెల 5వ తేదీ నుంచి దుకాణం ఖాతాతో సంబంధం లేని వేరే ఖాతాలో వేయండి, దానికి కార్డు, యూపీఐ రెండూ పెట్టుకోకండి. 16 నెలలకు 2,40,000 అవుతుంది, ఇప్పుడున్న 70 వేలతో కలిపితే దాదాపు మూడు నెలల ఖర్చు. అక్కడితో ఆగకుండా ఆరు నెలల వరకు తీసుకెళ్లండి. కార్తీకంలో కూడా ఆ 15 వేలు వేయగలిగారా, ఏ నెలలో చేతులెత్తేశారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క నెలా తప్పకుండా వేయగలిగితే అప్పుడు ఆ కాగితం ముందు పెట్టుకుని డీలర్‌కు ఫోన్ చేసి కొటేషన్ అడగండి.