మొదటి కిస్తీ తారీఖు అడిగారా?

ప్రశ్న: ఇంటి దగ్గరే చీరలు అమ్ముతుంటాను. దసరాకి స్టాక్ తెచ్చుకోవడానికి మైక్రోఫైనాన్స్ వాళ్ళు 50 వేలు ఇస్తామంటున్నారు. నెలకు 2,700 చొప్పున 24 నెలలు కట్టాలి. ఫీజు, ఇన్సూరెన్స్ కింద 1,500 ముందే పట్టుకుంటారట. వడ్డీ తక్కువే అంటున్నారు. తీసుకోవచ్చా?

చీరల వ్యాపారం, దసరా స్టాక్, మైక్రోఫైనాన్స్ అప్పు. ఈ మూడూ కలిపి నేనూ ఒకసారి చేశాను, 2009లో. మాది తెనాలి పక్కన పల్లెటూరు. అప్పట్లో మా వీధిలో ఏదో ఒక గ్రూపులో లేని ఆడమనిషి లేదనే చెప్పాలి. కొందరైతే మూడు గ్రూపుల్లో ఉండేవాళ్ళు, ఒకదాని కిస్తీ ఇంకోదానితో కట్టడానికి.

నాకు 20 వేలు ఇచ్చారు. వారానికి 460 చొప్పున 50 వారాలు. అంటే మొత్తం 23 వేలు కట్టాలి. ఫీజు, ఇన్సూరెన్స్ అని 600 పట్టుకుని 19,400 చేతిలో పెట్టారు. వడ్డీ ఎంతని అడిగితే ఆ కుర్రాడు "15 శాతమే అక్కా, మీ లెక్కలో రూపాయి పావలా" అన్నాడు. మా పక్కింటి పిన్ని రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేది. ఆమె దగ్గర తీసుకోకుండా తెలివైన పని చేశానని నాకు మహా గర్వం.

ఆ రూపాయి పావలాలో మోసం ఎక్కడుందో తెలియడానికి ఏడాది పట్టింది. 20 వేల మీద 15 శాతం అంటే 3 వేలు. దాన్ని 50 వారాలకు పంచితే వారానికి 60 రూపాయలు వడ్డీ, 400 అసలు. మొదటి వారం 20 వేలు నా దగ్గరున్నాయి కాబట్టి 60 వడ్డీ అంటే సరే. పాతికో వారానికి సగం అసలు కట్టేశాను, అయినా 60 రూపాయలే. ఆఖరి వారం నేను బాకీ ఉన్న అసలు 400. ఆ నాలుగొందల మీద ఒక్క వారానికి 60 రూపాయల వడ్డీ! దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. కట్టేసిన డబ్బుకి కూడా ఆఖరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాం. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే నా అప్పు సుమారు 29 శాతం. ముందే పట్టుకున్న 600 కూడా కలిపితే దాదాపు 36, అంటే మూడు రూపాయల వడ్డీ. మా పిన్ని ఏటా 24 శాతమే తీసుకునేది. పైగా నెలనెలా వడ్డీ కట్టుకుంటూ అసలు చివర్లో ఇవ్వొచ్చు.

పిన్ని దగ్గరికి వెళ్ళమని కాదు నేను చెప్పేది. మూడు నెలలు కట్టకపోతే ఆమె నోరు ఎలాంటిదో మా వీధికంతా తెలుసు. ఏడాది కిస్తీల అప్పుకి మాత్రం ఒక మోటు లెక్క గుర్తుంచుకోండి. వడ్డీ, కోతలు కలిపి మన చేతికొచ్చిన డబ్బుతో భాగించి, వచ్చిన శాతాన్ని రెట్టింపు చేసి కాస్త తగ్గించండి. నాది 19,400కి 3,600, అంటే పద్దెనిమిదిన్నర శాతం. రెట్టింపు చేస్తే 37. అసలు రేటుకి చాలా దగ్గర. ఎందుకంటే ఏడాది పొడుగునా సగటున మన దగ్గర ఉండేది సగం డబ్బే.

మీది రెండేళ్ళది కాబట్టి, భాగించి వచ్చిన శాతాన్ని ముందు ఏడాదికి సగం చేసుకున్నా మోటు లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఫోన్‌లో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్ గానీ తెరిచి ఇది కొట్టండి:

```
=RATE(24,-2700,48500)*12
```

0.295 వస్తుంది, అంటే ఇరవై తొమ్మిదిన్నర శాతం. నెలకు నూటికి రెండున్నర రూపాయలకు దగ్గర. ఇది తక్కువో ఎక్కువో మీరే చెప్పండి. 48500 ఎందుకంటే మీ చేతికొచ్చేది అంతే, 50 వేలు కాదు.

నిజానికి నన్ను ముంచింది ఈ వడ్డీ కాదు. ఇప్పటికీ ఎవరూ నమ్మరు, మా ఆయన అసలే నమ్మడు.

సెప్టెంబర్ మొదటి వారంలో డబ్బు చేతికొచ్చింది. విజయవాడ వస్త్రలతకి వెళ్ళి సగటున 450 పడేటట్టు 43 చీరలు తెచ్చాను. 560కి అమ్మాలని లెక్క. దసరాకి 18 చీరలు రొక్కానికి పోయాయి, పదివేలు వచ్చాయి. నాలుగు కిస్తీలు కట్టగా ఎనిమిది వేలు మిగిలాయి. చూసుకుంటే కళ్ళు తిరిగాయి. వెంటనే బస్సెక్కి దీపావళికి ఇంకో 17 చీరలు తెచ్చేశాను. నా తప్పు ఇదే. ఆ ఎనిమిది వేలు లాభం కాదు, రాబోయే పదిహేడు వారాల కిస్తీలు. అవి నా పెట్టెలో ఉన్నా నావి కావు.

దీపావళికి 30 చీరలు అమ్మాను, అన్నీ అరువే. మా ఊళ్ళో ధాన్యం అమ్మిన డబ్బు సంక్రాంతి ముందు గానీ చేతుల్లో ఆడదు. అంతకుముందు ఎవర్ని అడిగినా "పండగకి ఇస్తాలే" అంటారు, అది అబద్ధమూ కాదు. నోటుబుక్కులో నాకు రావలసినది 16,800. ఇంట్లో ఇంకో డజను చీరలు. కాగితం మీద నేను షావుకారుని. చేతిలో మాత్రం మంగళవారం కిస్తీకి 460 లేవు.

మంగళవారం పొద్దున్నే సెంటర్ మీటింగ్. అందరం వరసల్లో కింద కూర్చోవాలి. ఒక్కరు తక్కువ కట్టినా మిగతావాళ్ళు లేచి వెళ్ళడానికి లేదు. నవంబరులో ఒక మంగళవారం నా దగ్గర 210 ఉన్నాయి. కూలికి వెళ్ళాల్సిన వాళ్ళు పది మంది నా వైపే చూస్తూ కూర్చున్నారు. లీడరక్క ఏమీ అనలేదు, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని మాత్రం రెండుసార్లు అంది. లేచి ఇంటికి పోయి, పెట్టెలోంచి ఆకుపచ్చ అంచు చీర తెచ్చి, ఆ మీటింగ్‌లోనే ఒకామెకి 400కి ఇచ్చేశాను. అసలు 450 పడిన చీర. సంక్రాంతి లోపు అలా ఆరు చీరలు నష్టానికి పోయాయి. చాలక, ఏ పిన్నిని వద్దనుకున్నానో ఆ పిన్ని దగ్గరే 3 వేలు రెండు రూపాయలకు తెచ్చి కిస్తీలు కట్టాను. ఆమె ఒక్కమాట అనకుండా ఇవ్వడం ఇంకా బాధగా అనిపించింది.

అందుకే స్టాక్ కోసం అప్పు అనగానే నేను వడ్డీ రేటు కంటే ముందు అడిగేది ఒకటే: కొన్న చీర డబ్బయి తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది, మొదటి కిస్తీ ఎన్ని రోజులకు మొదలవుతుంది? నాకు చీర వంద రోజులకు తిరిగొచ్చేది, కిస్తీ ఏడు రోజులకే మొదలైంది. మీకు నెల. ఇంకో లెక్క కూడా వేసుకోండి. మొదట తెచ్చిన 43 చీరలూ అనుకున్న ధరకే పోయినా లాభం 4,730. అప్పు ఖర్చు 3,600. ఏడాదిలో ఆ స్టాక్ ఒక్కసారే తిరిగితే బస్సు ఛార్జీలు కూడా సరిగా రావు. మూడు నాలుగు సార్లు తిరిగితేనే ఈ వడ్డీని వ్యాపారం మోస్తుంది. మీ సరుకు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతోందో పాత నోటుబుక్కు చూసుకుంటే తెలిసిపోతుంది.

స్టాక్‌కి అసలు సరిపోయేది బ్యాంకులో క్యాష్ క్రెడిట్, సీసీ లిమిట్ అంటారు. ముద్రలో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా అడగొచ్చు. లిమిట్ 50 వేలున్నా మీరు 30 వేలు మూడు నెలలు వాడి మళ్ళీ వేసేస్తే, 12 శాతం అనుకుంటే వడ్డీ 900. వాడని డబ్బుకి వడ్డీ లేదు, పండగ అయ్యాక సున్నా చేసుకోవచ్చు. అమ్మిన డబ్బు ఆ ఖాతాలోనే తిప్పాలి, ఏటా రెన్యూవల్ చేయించుకోవాలి. చిక్కేమిటంటే, ముద్ర అని అడిగితే చాలాచోట్ల నెల కిస్తీల టర్మ్ లోన్ ఫారమే ముందు పెడతారు, అది వాళ్ళకి తేలిక. "స్టాక్‌కి, సీసీ లిమిట్ కావాలి" అని నోరు విప్పి అడగాలి. మా కోడలు మూడుసార్లు తిరిగింది. మూడోసారి మేనేజర్ సెలవులో ఉంటే ఆయన కింద అమ్మాయి రాసిచ్చింది. డ్వాక్రా గ్రూపులో ఉంటే 3 లక్షల దాకా గ్రూపు అప్పు 7 శాతానికే వస్తుంది. కానీ అదీ కిస్తీల అప్పే, గ్రూపులో మీ వాటా ఎంతన్నది ఇంకో పేచీ.

ఇవేవీ దసరాలోపు అయ్యేలా లేకపోతే మైక్రోఫైనాన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోండి, నేను తిట్టను. అప్పటికంటే ఇప్పుడు నయం. 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో ఆర్డినెన్స్ వచ్చి వారం కిస్తీలకు బ్రేక్ పడింది, వసూళ్ళే ఆగిపోయాయి. నేను ఆగస్టులోనే అంతా కట్టేసి కూర్చున్నాను, అదొక మంట. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి తెచ్చిన రూల్స్‌లో వడ్డీకి గరిష్ఠ పరిమితి లేదు. కానీ ఖర్చులన్నీ రాసిన కాగితం ముందే ఇవ్వాలి, ఒప్పందం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఇంట్లో అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు, ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. ఆ కాగితంలో ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో రాసి ఉంటుంది, ఏపీఆర్ అని. ఏజెంట్ నోటితో చెప్పింది వదిలేసి దాన్ని చూడండి.

నా మాటైతే, 50 వేలు ఇస్తామన్నా 25 వేలే తీసుకోండి. దసరాకి అరువు ఇవ్వకండి. మొదటి పదిహేను రోజుల్లో వచ్చిన రొక్కంలోంచి ఆరు నెలల కిస్తీలు విడిగా ఒక డబ్బాలో వేయండి, మిగిలితేనే దీపావళి స్టాక్. జనవరిలో అరువులు వసూలయ్యాక ఎంత కుదిరితే అంత ముందే కట్టేయండి, జరిమానా లేదు కదా.

నా 16,800లో 14 వేలు సంక్రాంతికి వచ్చాయి. మిగతావాటిలో ఒకరు ఊరు మారిపోయారు. ఇంకొకరు పద్నాలుగేళ్ళ తర్వాత మొన్న వాళ్ళమ్మాయి పెళ్ళికి పిలిచి, ఆ చీర డబ్బు ఇప్పుడివ్వనా అని అడిగింది. పెళ్ళిపిలుపు చేతిలో పెట్టి అడిగితే ఏమంటాం, వద్దులే అన్నాను.