సిగరెట్, పళ్ళ గార, పన్ను పీకించుకున్నాక మానని గుంట

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. రెండేళ్ళుగా రోజుకి ఆరేడు సిగరెట్లు తాగుతున్నాను. పళ్ళకి గార పట్టింది, పెదవులు నల్లబడ్డాయి, మొహంలో కళ లేదు. మూడు నెలల్లో అక్క పెళ్ళి. వచ్చే వారం జ్ఞానదంతం పీకించుకోవాలి. ఎన్ని రోజులు ఆపితే చాలు? పళ్ళు, మొహం మళ్ళీ మామూలవుతాయా?

జవాబు:

ముందు పన్ను సంగతి చూడండి, ఎందుకంటే అది వచ్చే వారమే. గార ఎప్పుడైనా తీయించుకోవచ్చు.

నేను 24 ఏళ్ళప్పుడు కింది జ్ఞానదంతం పీకించుకున్నాను. అప్పటికి నాలుగేళ్ళుగా రోజుకి పది దాకా తాగేవాణ్ణి. పొగ తాగొద్దని డాక్టర్ చెప్పారు. ఒక రోజంతా ఆగాను. రెండో రోజు సాయంత్రం నొప్పి తగ్గిందనిపించి, టీ కొట్టు దగ్గర ఒకటి కాల్చాను. మర్నాడు తెల్లవారుజామున దవడలో మొదలైన నొప్పి చెవి దాకా పాకింది. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. నోట్లోంచి చెడ్డ వాసన. టార్చి వేసి అద్దంలో చూస్తే, పన్ను ఉన్న చోట ముదురు ఎరుపు గడ్డ లేదు, ఖాళీ గుంట కనిపించింది. దీన్ని డ్రై సాకెట్ అంటారు.

పన్ను తీశాక ఆ గుంటలో రక్తం గడ్డకట్టి ఎముకను కప్పి ఉంచుతుంది. కొత్త కండ పుట్టేది దాని మీదే. పొగ లాగేటప్పుడు నోట్లో పుట్టే పీల్పుకి ఆ గడ్డ కదిలిపోవచ్చు. అదొక్కటే అయితే మెల్లగా పీలిస్తే సరిపోయేది. కానీ నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగబట్టేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. దాంతో గాయానికి చేరే రక్తమే తక్కువ, ఆ రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్ ఇంకా తక్కువ. డాక్టర్ ఆ గుంటను సెలైన్‌తో కడిగి, లవంగ నూనెలో ఉండే మందుతో తడిపిన పట్టీ పెట్టారు. నొప్పి గంటలోపే చాలా తగ్గింది. కానీ రెండు రోజులకోసారి పట్టీ మార్పించుకోవడానికి మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది.

అందుకే మీరు ఈరోజే ఆపేయండి. పీకించుకున్నాక కనీసం ఒక వారం ఒక్కటి కూడా ముట్టకండి, ఇంకా ఎక్కువ రోజులు ఆగితే ఇంకా మంచిది. స్ట్రాతో తాగడం, గట్టిగా పుక్కిలించి ఉమ్మడం కూడా మొదటి రోజుల్లో వద్దు. రోజుకి ఎన్ని తాగుతారో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. మూడో రోజుకి నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగితే, మాత్రలతో నెట్టుకురాకుండా వెంటనే వెళ్ళండి.

ఇక గార. పొగలోని తారు పంటి పైపొరకు, ముఖ్యంగా కింది ముందు పళ్ళ లోపలి వైపు, పట్టేస్తుంది. స్కేలింగ్, పాలిషింగ్‌తో అందులో చాలా భాగం ఒక్క సిట్టింగ్‌లో పోతుంది. గుంట మానాక, పెళ్ళికి రెండు మూడు వారాల ముందు చేయించుకోండి. బొగ్గుపొడి, ఉప్పు వేసి రుద్దకండి. నేను నెలరోజులు రుద్దాను. పైపొర అరిగి, చల్లనీళ్ళకి జివ్వుమనడం తప్ప తెల్లదనం రాలేదు. తాగడం ఆపకపోతే గార మళ్ళీ వస్తుంది.

చిగుళ్ళ గురించి ఒక మాట. నాకు బ్రష్ చేస్తే ఎప్పుడూ రక్తం వచ్చేది కాదు, బాగున్నాయనే అనుకున్నాను. నిజానికి రక్తనాళాలు బిగుసుకుపోయి, లోపల ఉన్న చిగుళ్ళ వ్యాధి బయటికి కనిపించలేదంతే. సిగరెట్ మానేసిన కొన్ని వారాలకి బ్రష్ మీద రక్తం చూసి భయపడ్డాను. చిగుళ్ళకి రక్తం మళ్ళీ సరిగ్గా అందుతోందనీ, ఇన్నాళ్ళూ దాగిన వాపు ఇప్పుడు కనబడుతోందనీ డాక్టర్ చెప్పి వైద్యం చేశారు. మీకూ అలా అయితే మళ్ళీ సిగరెట్ మొదలుపెట్టకండి, చూపించుకోండి.

మొహం విషయంలోనూ కారణం అదే. చర్మానికి రక్తం తగ్గి పాలిపోయినట్టు ఉంటుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ త్వరగా విరుగుతుంది. మీ వయసులో ముడతలు ఇంకా పడి ఉండవు కాబట్టి మీకు తిరిగొచ్చేది ఎక్కువ. నాకు నెలన్నర తర్వాత మొహంలో తేడా ఇంట్లోవాళ్ళే గమనించారు. పెదవులు, చిగుళ్ళ నలుపు మాత్రం అంత తొందరగా పోదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. మన వాళ్ళలో చాలామందికి చిగుళ్ళు పుట్టుకతోనే కొంచెం ముదురు రంగు, అది పోదు, పోవాల్సిన అవసరమూ లేదు. కానీ నోట్లో తెల్లటి మచ్చ గానీ పుండు గానీ రెండు వారాలు దాటినా మానకపోతే తప్పకుండా చూపించుకోండి.

మానడం కష్టంగా ఉంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. పొగాకు మానేవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే నంబరు అది, సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది. నాకు మొదటి మూడు నాలుగు రోజులే బాగా టెన్షన్‌గా గడిచాయి. మీకు ఆ రోజులు పన్ను పీకించుకోవడానికి ముందే దాటిపోతాయి, ఈరోజే ఆపేస్తే.