హైరింగ్ మేనేజరుకు మొదటి మెసేజ్‌లో ఏం రాయాలి?

అమెరికాలో ఎం.ఎస్. ముగించి, చదువయ్యాక కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం వెతుకుతున్న ఒక అబ్బాయి, లింక్డిన్‌లో హైరింగ్ మేనేజరుకు పంపబోయే మెసేజ్ నాకు చూపించాడు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, వచ్చిన టూల్స్ పేర్లన్నీ రాసి, ఏదైనా ఓపెనింగ్ ఉంటే చూడమన్నాడు. ఏ పోస్టు కోసమో రాయనేలేదు.

అది డేటా ఇంజనీర్ పోస్టు. రాత్రిపూట పెద్ద డేటాను ప్రాసెస్ చేసే స్పార్క్ జాబ్‌ల వేగం పెంచాలని ప్రకటనలో స్పష్టంగా ఉంది. ఆ మేనేజరు తలనొప్పి అదే. అబ్బాయేమో రెజ్యుమేలో యూనివర్సిటీ ప్రాజెక్టును పైన పెట్టి, హైదరాబాద్‌లో చేసిన అసలు పనిని అడుగున పడేశాడు. అడిగితే "టీమ్‌లో అందరం కలిసి చేశాం సార్" అన్నాడు. మనవాళ్లకిది అలవాటు. ఇక్కడ "మేం చేశాం" అంటే "మరి నువ్వేం చేశావు?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

గుచ్చి గుచ్చి అడిగాక విషయం బయటికొచ్చింది. మిగతా టాస్కులన్నీ ముగిసినా ఒక్కటి మాత్రం గంటల తరబడి నడవడం స్పార్క్ యూఐలో చూసింది ఇతనే. రెండు టేబుళ్లను కలిపే జాయిన్‌లో సగానికి పైగా రికార్డులు ఒకే కోడ్ కింద ఉండి, అన్నీ ఆ ఒక్క టాస్కు మీదే పడుతున్నాయి. రెండో టేబుల్ చిన్నది కాబట్టి దాన్ని బ్రాడ్‌కాస్ట్ చేశాడు, అంటే దాని కాపీని అన్ని మెషీన్లకూ పంపాడు. ఆరు గంటల జాబ్ రెండు గంటలకు దిగింది.

ఇంగ్లిష్‌లో రాయించిన మెసేజ్ సారాంశం ఇది:

"హాయ్ (మొదటి పేరు), మీ డేటా ఇంజనీర్ పోస్టుకు (జాబ్ ఐడీ) నిన్న అప్లై చేశాను. రాత్రి జాబ్‌ల వేగం పెంచాలని ప్రకటనలో చూశాను. గత ఉద్యోగంలో ఆరు గంటల స్పార్క్ జాబ్‌ను రెండు గంటలకు తగ్గించాను. జాయిన్‌లో డేటా ఒకే కోడ్ దగ్గర పోగుపడటం కారణమని కనిపెట్టి సరిచేశాను. మీ దగ్గర ఆలస్యం జాయిన్‌లలోనా, డేటా చదివే చోటా? వీలైతే ఈ వారం పదిహేను నిమిషాలు మాట్లాడగలను."

ముందే అప్లై చేసి ఉండాలి. మెసేజ్ నచ్చినా, సిస్టమ్‌లో మీ దరఖాస్తు లేకపోతే చాలా కంపెనీల్లో మేనేజరు ముందుకు తీసుకెళ్లలేరు. పాత క్లయింటు పేరు రాయకండి, ఒప్పందాలు ఉంటాయి. అంకె మాత్రం నిజమైనదే వేయండి. ఎలా కొలిచారని అడిగితే నీళ్లు నమిలే అంకె కంటే అసలు వేయకపోవడమే నయం.

కనెక్షన్ రిక్వెస్టుతో పంపే నోట్‌లో ఇదంతా పట్టదు. ఖాతాను బట్టి 200 నుంచి 300 అక్షరాలే. అక్కడ పోస్టు పేరు, ఆరు గంటల వాక్యం చాలు. మిగతాది ఆయన ఒప్పుకున్నాక.

ఓపీటీలో 90 రోజుల నిరుద్యోగ పరిమితి ఉంటుంది కాబట్టి టెన్షన్ సహజమే, కానీ ఆ లెక్క ఈ మెసేజ్‌లో వద్దు. స్పాన్సర్‌షిప్ కావాలా అని ఫారంలో అడిగిన చోట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.

వారంలో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. మేనేజరుకు బదులు రిక్రూటర్ నుంచి మెయిల్ వస్తే నిరాశపడకండి, చాలాసార్లు ఆయన చెబితేనే వాళ్లు రాస్తారు.